కొంగు చివర పోగు కాల్చి చూపించారు, పట్టు వాసనే వచ్చింది. అది చాలదా?

హరిత_తిరుపతి
అందరికీ నమస్కారం. తమ్ముడి పెళ్లి వచ్చే నెల తిరుచానూరులో. పెళ్లికూతురికి ముహూర్తం చీర, ఇంకో రెండు చీరలు ఇక్కడే తిరుపతిలో ఒక షోరూంలో తీసుకున్నాం. ముహూర్తం చీర 18,500, మెరూన్ రంగు, జానెడు అంచు, బరువుగా ఉంది. రెండో చీర 9,800, దానికి సిల్క్ మార్క్ లేబుల్ తాడుతో కట్టి ఉంది. ఎక్కువ ధర పెట్టిన ముహూర్తం చీరకేమో లేబుల్ లేదు. అడిగితే "లేబుల్ ఎందుకమ్మా, మీ కళ్ల ముందే చూపిస్తాను" అని కొంగు చివర వేలాడే పోగుల్లోంచి ఒకటి లాగి అగ్గిపెట్టెతో కాల్చాడు. వెంట్రుక కాలిన వాసన వచ్చింది, బూడిద వేళ్లతో నలిపితే పొడి అయింది, అందరం సరే అనుకున్నాం. ఇంటికొచ్చాక మా అత్తయ్య చీర పట్టుకుని "ఇది జారుతోందేమే" అంది, అప్పట్నుంచి టెన్షన్. ఫాల్ ఇంకా కుట్టించలేదు. వారంలో మార్చుకోవచ్చని బిల్లు మీద ఉంది.

ఇంకో సందేహం, లేబుల్ ఉన్న చీరలో జరీ కూడా ప్యూర్ అనుకోవచ్చా?

రమణ_పలమనేరు
కాల్చి చూశాక ఇంకేం అనుమానం అమ్మా. పైగా ఇంట్లో చేసుకునే పరీక్షలున్నాయి. చీరను ఉంగరంలోంచి లాగండి, సాఫీగా వస్తే పట్టు. అరచేతిలో పెట్టి రుద్దితే వెచ్చబడుతుంది. మా ఊరి వైపు పట్టుపురుగులు పెంచేవాళ్లు చాలామంది, మాకు చిన్నప్పటి నుంచి తెలిసినవే ఇవన్నీ. అయినా మగ్గం మీద నేసిందైతేనే అసలు పట్టు, పవర్‌లూమ్ చీరలన్నీ ఆర్ట్ సిల్కే, అది చూసుకోండి చాలు.

నేతింటి_సుధ
హరిత గారూ, మాది మదనపల్లె దగ్గర నీరుగట్టువారిపల్లె, ఇంట్లో ఇప్పటికీ మగ్గం ఉంది. కాల్చడం మంచి పరీక్షే, కానీ ఆయన ఏ పోగు కాల్చాడో చూడండి.

కొంగు చివర వేలాడేది పడుగు పోగు. పడుగంటే మగ్గానికి పొడవునా కట్టేది, పేకంటే అడ్డంగా నాడెతో వేసేది. చీరలో రెండూ ఉంటాయి కదా, కుచ్చులో మాత్రం పడుగు ఒక్కటే మిగులుతుంది. ఇప్పుడు ఎక్కువగా జరిగే మోసం మొత్తం నకిలీ చీర అమ్మడం కాదు. పడుగు అసలు పట్టు వేస్తారు, పేక విస్కోసో పాలిస్టరో వేస్తారు. మామూలుగా పేకే ఎక్కువ బరువు తూగుతుంది కాబట్టి అక్కడ మిగిలేదే ఎక్కువ. ఇలాంటి చీర కుచ్చు పోగు ఎన్నిసార్లు కాల్చినా వెంట్రుక వాసనే వస్తుంది. ఆ షాపతను అబద్ధం కూడా ఆడలేదు, కాల్చింది పట్టే!

కొన్ని కంచి చీరల్లో ఇంకో మెలిక ఉంది. ఒంటి రంగుకీ కొంగు రంగుకీ తేడా ఉంటే కొంగుకు వేరే పడుగు తెచ్చి ముడేసి కలుపుతారు. అప్పుడు కుచ్చు పోగు కొంగు పడుగు గురించే చెబుతుంది, ఒంటి పడుగు గురించి కూడా చెప్పదు. కుచ్చులు ముందే కట్టించి ఉన్న చీరైతే మరీ నమ్మకండి, కుచ్చులు కట్టేవాళ్లు బజారులో దొరికే సిల్క్ దారం విడిగా కలుపుతారు, అది చాలావరకు రేయానే.

మీరు చేయాల్సింది ఇది. జాకెట్టు ముక్క చివర కత్తిరించిన అంచు ఉంటుంది కదా, అక్కడ సూదితో అడ్డంగా ఉన్న పోగు ఒకటి మెల్లగా బయటికి తీయండి. రెండంగుళాలు చాలు. దాన్ని పట్టకారుతో పట్టుకుని సింక్ మీద కాల్చండి. పక్కనే ఒక పడుగు పోగు కూడా కాల్చి రెండిటినీ పోల్చండి. లేబుల్ ఉన్న 9,800 చీర నుంచి కూడా పేక ఒకటి తీసి కాలిస్తే మీకే కొలత దొరుకుతుంది. జాకెట్టు వేరే రంగులో ఉందా, చీర రంగులోనే ఉందా అది కూడా చెప్పండి.

రమణ అన్నా, పవర్‌లూమ్ మీద కూడా అసలు పట్టు నేస్తారు, చేతి మగ్గం మీద ఆర్ట్ సిల్క్ కూడా నేస్తారు. అది వేరే సంగతి.

స్వర్ణ_చిత్తూరు
మా అమ్మమ్మ చీరది ఇదే సమస్య అక్కా. వీధిలో "పాత పట్టుచీరలు కొంటాం" అని వచ్చినవాడికి ఇచ్చేశాం, వాడు 4,000 ఇచ్చాడు. మంచి ధరేనా? చీర చినిగిపోయింది, అంచు మాత్రం నిగనిగలాడుతూ ఉండేది.

నేతింటి_సుధ
స్వర్ణా, హరిత గారి సమస్య వేరమ్మా, ఆవిడది కొత్త చీర. అయినా అడిగావు కాబట్టి, వాళ్లు కొనేది చీరను కాదు, జరీలోని వెండిని. అంచు కాల్చి వెండి తీసుకుంటారు. జరీని తూకం వేయించకుండా ధర మంచిదో కాదో ఎవరూ చెప్పలేరు.

హరిత_తిరుపతి
సుధ గారూ, చేశాను. జాకెట్టు చీర రంగులోనే ఉంది, కలిపి నేసిందే. పడుగు పోగు కాలిస్తే షాపులో వచ్చిన వాసనే, మంట తీసేస్తే ఆరిపోయింది. పేక పోగు మాత్రం భగ్గుమని పైకి పాకింది, మంట తీసినా మండుతూనే ఉంది, వాసన కాగితం కాలినట్టు. కానీ గట్టి ఉండ ఏమీ కట్టలేదు, బూడిద మెత్తగా బూడిదరంగులో ఉంది. పాలిస్టరైతే కరిగి ఉండ కడుతుందని అందరూ అంటారు కదా, ఇది కట్టలేదు. అంటే ప్యూర్ అనేనా?

రమణ_పలమనేరు
ఉండ కట్టలేదంటే పాలిస్టర్ లేదు. నేను మొదటే చెప్పాను. హాయిగా ఫాల్ కుట్టించుకోండి.

నేతింటి_సుధ
కుట్టించకండి, కాసేపు ఆగండి!

పాలిస్టర్ లేదు, నిజమే. కానీ ఆర్ట్ సిల్క్ అంటే పాలిస్టర్ ఒక్కటే కాదు. విస్కోస్ చెక్కగుజ్జు నుంచి చేసే పోగు, అందుకే కాగితంలా మండుతుంది, కాగితం వాసన వస్తుంది, ఉండ కట్టదు. పట్టు అలా మండదు. మంటలో ముడుచుకుంటుంది, బయటికి తీస్తే ఆరిపోతుంది, నల్లటి పెళుసు బూడిద మిగులుతుంది. మీరు రాసినదాన్ని బట్టి పడుగు పట్టు, పేక విస్కోస్. పేకలో పట్టు, విస్కోస్ కలిపి పేనిన పోగు వాడితే వాసన కూడా కలిసిపోయి వస్తుంది, అక్కడ ముక్కును నమ్మలేం.

అందుకని ఇంకోటి చేయండి. బట్టలు తెల్లబరిచే బ్లీచింగ్ ద్రవం, కొత్త సీసా, వాసన కలపనిది తెచ్చుకోండి. చిన్న గాజు గిన్నెలో రెండు చెంచాలు పోసి అందులో పడుగు పోగు, పేక పోగు, మీ లేబుల్ చీర పేక పోగు వేసి అరగంట వదిలేయండి. పట్టు అందులో కరిగిపోతుంది, పాలిస్టర్ కరగదు, విస్కోస్, నూలు రంగు పోతాయి కానీ పోగు ఉంటుంది. కిటికీ తీసి ఉంచండి, బాత్రూం కడిగే యాసిడ్ గానీ ఇంకేదీ గానీ అందులో కలపకండి, చుక్క కూడా చీర మీద పడనివ్వకండి. లేబుల్ చీర పోగు ఎందుకంటే, ద్రవం పాతదై బలం తగ్గి ఉంటే అది కూడా కరగదు, అప్పుడు తప్పు చీరది కాదని తెలుస్తుంది.

కౌంటర్_శేఖర్
ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయా. పదేళ్ల పైన చీరల కౌంటర్లో చేశాను, ఇప్పుడు ఆ పనిలో లేను. అమ్మేవాడికి కూడా చాలాసార్లు తెలియదండీ, ఇది నిజం. మూట వస్తుంది, ధర చీటీలు అంటిస్తారు, "ఇది ప్యూర్ లైన్, ఇది సెమీ లైన్" అని మేనేజరు చెబుతాడు, మేము అదే చెబుతాం. కస్టమరు సెమీ అంటే ఏమిటని అడిగితే "జరీ సెమీ అమ్మా" అని తప్పించుకోవడం నేర్పిస్తారు. సాఫ్ట్ సిల్క్ అన్న పేరు రెండు రకాలకీ వాడతారు, అసలుదానికీ, కానిదానికీ. ఆన్‌లైన్లో లిచి సిల్క్ అని వచ్చేదాంట్లో అయితే పట్టు వెతకడమే దండగ.

హరిత గారూ, మీ బిల్లు తీసి చూడండి. చీర పేరు ఎదురుగా హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ అని నాలుగు అంకెలో, ఆరో ఎనిమిదో ఉంటాయి. పట్టు బట్ట కోడ్ 5007తో మొదలవుతుంది. 5407 అంటే పాలిస్టర్ లాంటి సింథటిక్ పోగు బట్ట, 5408 అంటే విస్కోస్ లాంటిది. నోటితో ఏం చెప్పినా జీఎస్టీ లెక్కలో మాత్రం చాలామంది ఉన్నది ఉన్నట్టే రాస్తారు. చిన్న షాపుల్లో కోడ్ వేయకపోవచ్చు, అది తప్పు పట్టలేం.

హరిత_తిరుపతి
శేఖర్ గారూ, చూశాను, ఒళ్లు మండింది. లేబుల్ చీర ఎదురుగా 5007. ముహూర్తం చీర ఎదురుగా "ఫ్యాన్సీ శారీ", 5408. ఒకే బిల్లులో రెండు లైన్ల తేడాతో!

బ్లీచ్ కూడా చేశాను. లేబుల్ చీర పోగు పావుగంటకే సన్నబడి బుడగలు వచ్చి, తర్వాత కనిపించలేదు. ముహూర్తం చీర పడుగు పోగూ అంతే. పేక మాత్రం తెల్లబడి అలాగే ఉంది, చెంచాతో తీస్తే పోగులాగే వచ్చింది.

నేతింటి_సుధ
అయితే తేలిపోయిందండీ. పడుగు పట్టు, పేక కాదు.

కౌంటర్_శేఖర్
ఒక్క మాట, కోడ్ ఒక్కటే పట్టుకుని గొడవకి వెళ్లకండి. కలిపి నేసిన బట్టకు ఏది బరువు ఎక్కువో దాన్ని బట్టే కోడ్ వేయాలి, కాబట్టి పట్టు సగం పైన ఉంటే కల్తీ చీరకు కూడా 5007 వేసే వీలుంది. అంటే 5007 ఉంటే పూర్తి పట్టు అని రుజువు కాదు. కానీ 5408 వేసి ప్యూర్ అని అమ్మితే మాత్రం వాళ్లకు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. కౌంటర్ దగ్గర గొంతు పెంచకుండా మేనేజరును పక్కకు పిలిచి ఈ లైను వేలితో చూపించండి, పని జరుగుతుంది.

వేణు_శ్రీకాళహస్తి
టీటీడీకే పట్టు శాలువాలని చెప్పి పాలిస్టర్వి సంవత్సరాల తరబడి ఇచ్చారని 2025 డిసెంబర్లో పేపర్లలో వచ్చింది, 50 కోట్ల పైమాటే అన్నారు. ల్యాబ్‌కు పంపిస్తే గానీ బయటపడలేదు. మనమెంత.

హరిత_తిరుపతి
జరీ సంగతి ఎవరూ చెప్పలేదు. లేబుల్ ఉంటే జరీ కూడా అసలుదేనా?

నేతింటి_సుధ
కాదండీ. సిల్క్ మార్క్ పట్టు పోగు గురించి మాత్రమే మాట ఇస్తుంది. జరీ గురించి ఏమీ చెప్పదు, చేతి మగ్గమా కాదా అన్నదీ చెప్పదు, దానికి హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది. మీ 9,800 చీరలో పట్టు అసలుదై, జరీ రాగిదై ఉండొచ్చు. అది మోసం కాదు, అసలు జరీ అని చెప్పి అమ్మితేనే మోసం.

జరీ చూడాలంటే చీర వెనకవైపు బుటా దగ్గర తెగిన చిన్న కొసలు ఉంటాయి, ఒకటి తీసుకుని గోటితో విప్పండి. అసలు జరీలో పట్టు పోగు చుట్టూ సన్నటి వెండి రేకు చుట్టి, పైన బంగారు పూత ఉంటుంది. పూత గీకితే తెల్లగా వెండి కనిపించాలి. ఎర్రగా కనిపిస్తే రాగి. రేకు విప్పుతుంటే ప్లాస్టిక్ కాగితంలా సాగితే, మంట దగ్గర పెడితే ముడుచుకుపోతే, అది లోహమే కాదు. లోపల పోగు ఎర్రగా ఉంటే అసలు జరీ అని చాలామంది చెబుతారు, నేను ఒప్పుకోను. ఎర్ర రంగు ఎవరైనా వేయగలరు, నకిలీ జరీవాళ్లు కూడా లోపల ఎర్రదారమే పెడుతున్నారు. ఆ ఎర్ర పోగు కూడా కాల్చి చూడాల్సిందే.

రాగి తీగ మీద వెండి పూత, దానిమీద బంగారు రంగు వేసింది కూడా వస్తుంది. దాన్ని గోటితో పట్టుకోలేరు, మొదట తెల్లగానే కనిపిస్తుంది, గట్టిగా గీకితే గానీ ఎరుపు రాదు.

స్వర్ణ_చిత్తూరు
నగల షాపులో బంగారం చూసే మెషీన్లో పెడితే చెబుతుందా?

నేతింటి_సుధ
కంచిలో జరీని అలాంటి యంత్రంలోనే చూస్తారు, వెండి ఎంత శాతం, రాగి ఎంత శాతం అని చీటీ ఇస్తారు. నగల షాపులోది నగకు సరిచేసి ఉంటుంది, సన్నటి జరీకి, కింద పట్టు కూడా ఉండేసరికి అంకె అటూ ఇటూ వస్తుంది. వెండి ఉందా లేదా వరకు నమ్మొచ్చనుకుంటా.

కౌంటర్_శేఖర్
అక్కడ నాకు అనుమానమే సుధ గారూ. పూత వెండి ఉన్నా మెషీన్ వెండి అనే చూపిస్తుంది, అది పైపైనే కదా చూసేది. నేను ధరతో చూస్తాను. వెండి కిలో లక్ష అనుకుంటే, 2025లో అది కూడా దాటేసింది, బరువైన అంచు చీరలో జరీ 150 గ్రాములు ఉందనుకోండి, అందులో సగం వెండి అనుకున్నా 75 గ్రాములు, ఏడున్నర వేలు వెండికే పోయింది. పైన పట్టు, నేత కూలి, షాపు లాభం. అందుకని జానెడు అంచు, ప్యూర్ జరీ, 18,500 అన్నారంటేనే అడగాలి.

నేతింటి_సుధ
ధర లెక్క ఒప్పుకుంటాను. ముడిపట్టు కూడా కిలో వేలల్లోనే ఉంది, పైగా జిగురు ఉడకబెట్టి తీసేస్తే పావువంతు బరువు తగ్గిపోతుంది. "ప్యూర్ పట్టు 1,500" అని బోర్డు పెట్టినవాడి దగ్గర ఏ పరీక్షా అక్కర్లేదు. మెషీన్ సంగతి మాత్రం మీరు మీ మాట మీద ఉండండి, నేను నా మాట మీద ఉంటాను.

హరిత_తిరుపతి
ఈరోజు వెళ్లొచ్చాం. శేఖర్ గారు చెప్పినట్టే మేనేజరుకి బిల్లు లైను చూపించాం, బ్లీచ్‌లో మిగిలిన పోగు కాగితంలో పెట్టి తీసుకెళ్లాం. మొదట "మాకు నేసినవాళ్లు ప్యూర్ అనే ఇచ్చారు" అన్నాడు. మరి కోడ్ ఎవరు వేశారని అడిగితే కాసేపు ఫోన్లో మాట్లాడి మార్చుకోమన్నాడు. డబ్బు వాపసు మాత్రం ఇవ్వడట. మావారు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామన్నారు, అత్తయ్య పెళ్లి ముందు ఎందుకు గొడవ అంది. అదే ధరలో లేబుల్ ఉన్న చీర ఇంకోటి పక్కన పెట్టించి వచ్చాం. అందులో జరీ అసలుది కాదని వాళ్లే చెప్పారు, ఈసారి అడక్కుండానే. రేపు తీసుకోవాలి.

కౌంటర్_శేఖర్
రేపు మూడు పనులు చేయండి. లేబుల్ మీద హోలోగ్రామ్, నంబరు, క్యూఆర్ కోడ్ ఉంటాయి, అక్కడే ఫోన్లో స్కాన్ చేయండి. పక్కనున్న ఇంకో రెండు చీరల లేబుళ్లు కూడా చూడండి, ఒకే నంబరు రెండు చీరలకు ఉంటే అవి జిరాక్స్‌లు. తాడు మళ్లీ ముడేసినట్టు ఉందేమో చూడండి, చవక చీర లేబుల్ తీసి దీనికి కట్టడం నేను చూశాను. ఇక బిల్లులో "ప్యూర్ సిల్క్" అని, "జరీ ఇమిటేషన్" అని అక్షరాలా రాయించుకోండి. లేబుల్ నంబరు కూడా బిల్లు మీద రాయమనండి, రాయనంటే ఆ చీర వదిలేయండి. షాపు గోడ మీద సిల్క్ మార్క్ బోర్డు ఉంది కదా అని ఊరుకోవద్దు, బోర్డు షాపుది, లేబుల్ చీరది.

రమణ_పలమనేరు
ఇంత తతంగం ఎందుకమ్మా, ఆప్కోలోనో కంచి సొసైటీలోనో కొనుక్కుంటే పోయేది. తిరుపతి నుంచి కంచికి పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగొస్తారు. ఉంగరం పరీక్ష గురించి మాత్రం ఎవరూ తప్పని చెప్పలేదు.

నేతింటి_సుధ
చెప్తాను అన్నా. ఉంగరంలోంచి పలచటి పాలిస్టర్ చీర ఇంకా సాఫీగా వస్తుంది, జానెడు అంచు ఉన్న అసలు కంచి చీర అసలు దూరనే దూరదు. సొసైటీ మాట మాత్రం బాగా చెప్పారు. కంచి వెళ్లినా బస్టాండ్ దగ్గర పట్టుకుని "మా మగ్గం చూద్దురు రండి" అనేవాళ్ల వెంట వెళ్లకండి, వాళ్లకు కమీషన్ ఉంటుంది, అది మీ చీర ధరలోనే కలుస్తుంది.

హరిత_తిరుపతి
షాపు నుంచే రాస్తున్నాను. స్కాన్ అయింది, కానీ వచ్చిన పేరు ఈ షోరూంది కాదు, ధర్మవరంలో ఎవరో. ఇది సరేనా?

కౌంటర్_శేఖర్
సరే. లేబుల్ తీసుకున్నది నేయించినవాళ్లో హోల్‌సేల్ వాళ్లో అయితే వాళ్ల పేరే వస్తుంది. ఆ పేరు కూడా బిల్లు వెనక రాసి ఉంచుకోండి, రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే అది కావాలి. కానీ చీర కంచిది అని చెప్పి అమ్ముతున్నారా, ధర్మవరంది అనా?

హరిత_తిరుపతి
కంచి అన్నారు. ఇప్పుడే అడుగుతున్నా.